యూట్యూబ్ ఫోన్ వెరిఫికేషన్ ‘పెండింగ్’: ఎక్కడ ఆగుతుంది, అంతవరకు ఏవి తెరుచుకోవు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్ పిల్లలకు తెలుగు పద్యాలు నేర్పుతూ, ఆ పాఠాలు పెట్టడానికి ఒక యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాను. ఫోన్ వెరిఫికేషన్ పది రోజులుగా పెండింగ్‌లోనే ఉంది. థంబ్‌నెయిల్ పెట్టనివ్వడం లేదు, 22 నిమిషాల పాఠం ఎక్కడం లేదు. వచ్చే ఆదివారం లైవ్ ఉంటుందని తల్లిదండ్రులకు చెప్పేశాను. ఇంకా ఎన్నాళ్ళు ఆగాలి?

సమాధానం:

ఒక్క రోజు కూడా ఆగవద్దండి. ఎందుకంటే ఫోన్ వెరిఫికేషన్‌లో ఎవరో కూర్చుని మన దరఖాస్తు చూసి ఆమోదించే దశ అంటూ ఏదీ లేదు. మీరు నంబరు ఇస్తారు, ఆ నంబరుకు ఆరు అంకెల కోడ్ వస్తుంది, ఆ కోడ్‌ను పేజీలో నింపి పంపిన మరుక్షణమే పని పూర్తవుతుంది. పూర్తి కాలేదంటే ఆ కోడ్ రాలేదని, లేదా వచ్చిన కోడ్ సరిగా నమోదు కాలేదని, లేదా అది మీరు అనుకున్న ఛానల్‌కు కాక మరో ఛానల్‌కు పడిందని అర్థం. ఈ మూడింటిలో ఏది జరిగినా, పది రోజులు కాదు, పది నెలలు ఆగినా అది తనంతట తాను పూర్తి కాదు.

మరి ‘పెండింగ్’ అనే భావన ఎక్కడి నుంచి వస్తుందంటే, ఎక్కువమంది విషయంలో అది ఒక్క మాటను తప్పుగా చదువుకోవడం వల్ల వస్తుంది. యూట్యూబ్ స్టూడియోలో Settings నొక్కి, అందులో Channel, దానిలో Feature eligibility తెరిస్తే మూడు వరుసలు కనిపిస్తాయి. మొదటిది Standard features, రెండవది Intermediate features, మూడవది Advanced features. రెండవ వరుస పక్కన Eligible అని ఉంటే, ‘మనం అర్హులమైపోయాం, ఇక వాళ్ళే తెరుస్తారు’ అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ మాటకు అర్థం అది కాదు. ‘మీరు కోరుకుంటే ఈ సౌకర్యం పొందవచ్చు, పొందే పని ఇంకా మీ వైపే మిగిలి ఉంది’ అని దాని అర్థం. పని అయిపోయినప్పుడు అక్కడ Enabled అని మారుతుంది. కాబట్టి ముందుగా ఆ వరుసలో ఇప్పుడు ఏ మాట ఉందో చూడండి. Eligible అని ఉంటే, పక్కనున్న బాణం గుర్తు నొక్కితే తెరుచుకునే చోట Verify phone number అనే బటన్ మీ కోసం ఇంకా ఎదురు చూస్తూనే ఉంటుంది.

బెంగళూరులో తెలుగు ఛానళ్ళ వీడియోలు ఎడిట్ చేసిపెట్టే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఈ సమస్యతో నా దగ్గరకు వచ్చిన వారిలో ఎక్కువమందికి కోడ్ రాకపోవడం కన్నా, వెరిఫికేషన్ వేరే ఛానల్‌కు పడడమే అసలు కారణంగా తేలింది. గత ఏడాది కె.ఆర్.పురంలో ఒక అక్క ఇంట్లో జరిగినది మీకు పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఆవిడ కేసులో దాదాపు అన్ని చిక్కులూ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి, మీది కూడా వాటిలో ఏదో ఒకటి అయి ఉంటుందని నా అనుమానం.

ఆవిడ పచ్చళ్ళు, పొడులు చేసే విధానం చూపే ఛానల్ పెట్టారు. ‘మూడు వారాల క్రితమే కోడ్ కొట్టాను, వెరిఫై అయ్యిందని పేజీలో కూడా వచ్చింది, అయినా థంబ్‌నెయిల్ బటన్ ఇంకా పనిచేయడం లేదు’ అన్నారు. నేను లాప్‌టాప్ తీసుకుని యూట్యూబ్ తెరిచి, పైన కుడివైపు ఉన్న ఫొటో నొక్కి, Switch account చూశాను. ఆవిడ ఒక్క జీమెయిల్ కిందే రెండు ఛానళ్ళు ఉన్నాయి. ఒకటి ఎప్పుడో ఎవరి వీడియో కిందనో కామెంట్ పెట్టినప్పుడు ఆవిడ సొంత పేరుతో ఏర్పడినది, దానిలో ఒక్క వీడియో కూడా లేదు. రెండవది పచ్చళ్ళ ఛానల్. వీడియోలన్నీ పచ్చళ్ళ ఛానల్‌లో ఉన్నాయి, వెరిఫికేషన్ మాత్రం ఖాళీ ఛానల్‌కు పడింది. ఆవిడ ఫోన్‌లో ఎవరో పంపిన లింకు నొక్కి నేరుగా వెరిఫికేషన్ పేజీ తెరిచారు. ఆ సమయంలో ఆ బ్రౌజర్‌లో ఏ ఛానల్ ఉంటే, వెరిఫికేషన్ దానికే పడుతుంది.

ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. గూగుల్ ఖాతాకు మీ ఫోన్ నంబరు జతచేసి ఉండడం వేరు, రెండు అంచెల లాగిన్ కోసం ఆ నంబరును వాడుకోవడం వేరు, యూట్యూబ్ ఛానల్‌కు ఫోన్ వెరిఫికేషన్ చేయడం వేరు. మొదటి రెండూ చేసి ఉన్నంత మాత్రాన మూడవది అయినట్టు కాదు. పైగా మూడవది ఖాతాకు కాదు, ఛానల్‌కు. ఒక ఖాతా కింద మూడు ఛానళ్ళుంటే మూడింటికీ విడివిడిగా చేసుకోవాలి. అందుకే ముందు ఈ చిరునామాలో మీ ఛానళ్ళన్నీ చూసుకోండి:

```
youtube.com/channel_switcher
```

పద్యాల ఛానల్‌ను ఎంచుకున్న తరువాత, అదే బ్రౌజర్ కిటికీలో స్టూడియో తెరిచి, ఎడమవైపు కనిపించే ఫొటో, పేరు మీ పద్యాల ఛానల్‌వేనని కంటితో చూసి, అక్కడి నుంచే Feature eligibility ద్వారా వెరిఫికేషన్ పేజీకి వెళ్ళండి. ఆ పేజీ చిరునామా ఇది:

```
youtube.com/verify
```

నేరుగా ఈ చిరునామా కొట్టి వెళ్ళడం తప్పు కాదు గాని, స్టూడియో నుంచి వెళితే ఏ ఛానల్ పని చేస్తున్నామో తెలిసి ఉంటుంది. ఈ పనిని ఫోన్‌లో కాక కంప్యూటర్‌లో చేయమనడానికి కారణం కూడా ఇదే. ఫోన్‌లో యాప్‌లో ఒక ఖాతా, బ్రౌజర్‌లో మరో ఖాతా ఉండడం చాలా మామూలు విషయం. ఛానల్‌ను మీ కోసం మరొకరు నడుపుతుంటే, వాళ్ళ ఖాతా నుంచి కాక, ఛానల్ యజమానిగా ఉన్న ఖాతా నుంచే ఈ పని చేయడం మేలు.

అక్క కథకు తిరిగి వస్తే, సరైన ఛానల్‌లోకి మారి మళ్ళీ ఆవిడ నంబరే ఇచ్చాం. ఈసారి, ఆ నంబరు ఇప్పటికే గరిష్ఠ సంఖ్యలో వాడేశారని, ఇక చెల్లదని ఎర్ర అక్షరాలతో వచ్చింది. యూట్యూబ్ నియమం ప్రకారం ఒక ఫోన్ నంబరుతో ఒక సంవత్సరంలో రెండు ఛానళ్ళను మాత్రమే వెరిఫై చేయవచ్చు. ఆవిడ నంబరుతో కొన్ని నెలల కిందట వాళ్ళ బావగారి క్రికెట్ ఛానల్‌ను వెరిఫై చేశారు, ఇప్పుడు పొరపాటున ఆ ఖాళీ ఛానల్‌కు రెండవ అవకాశం ఖర్చయిపోయింది. ఇలాంటప్పుడు అదే నంబరును మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడం వల్ల ప్రయోజనం లేదు, ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వాలి. ఆ పేజీ అడిగేది నంబరు, కోడ్ మాత్రమే. సిమ్ ఎవరి పేరు మీద ఉందని అడగదు, ఇచ్చిన నంబరు ఛానల్ మీద ప్రేక్షకులకు కనిపించదు. అయితే కోడ్ వచ్చే ఫోన్ ఆ సమయంలో మీ చేతిలో ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికే తాత్కాలిక నంబర్ల జోలికి మాత్రం వెళ్ళవద్దు. చాలావరకు అవి చెల్లవు, ఒకవేళ చెల్లినా, ఆ నంబరుకు వచ్చే సందేశాలు ప్రపంచమంతా చదవగలదు.

అందువల్ల ఆవిడ భర్త నంబరు ఇచ్చాం. ఆయనకు మన వాళ్ళలో చాలామందికి ఉన్నట్టే రెండు సిమ్‌లు ఉన్నాయి. బెంగళూరు వచ్చాక తీసుకున్న నంబరు ఒకటి, బ్యాంకుకూ ఆధార్‌కూ జతయి ఉన్న ఒంగోలు నంబరు ఇంకొకటి. ఆయనకు బాగా నోటికి వచ్చిన నంబరు ఒంగోలుది కాబట్టి దాన్నే చెప్పారు. పదిహేను నిమిషాలు కూర్చున్నాం, కోడ్ రాలేదు. తీరా చూస్తే ఆ సిమ్‌కు రీచార్జ్ గడువు అయిపోయి నెల దాటింది. ప్రీపెయిడ్ ప్యాక్ ముగిసిన తరువాత కొన్నాళ్ళకు బయటికి వెళ్ళే కాల్స్ మాత్రమే కాదు, లోపలికి వచ్చే ఎస్‌ఎంఎస్‌లు కూడా ఆగిపోతాయి. పేజీకి ఆ సంగతి తెలియదు. అది కోడ్ పంపాననే చెబుతుంది, మనం వస్తుందనే ఎదురు చూస్తాం.

కోడ్ రాకపోవడానికి ఇలాంటి కారణాలు ఇంకో రెండు మూడు ఉన్నాయి, మీరు వరుసగా చూసుకోవచ్చు. ఈ మధ్య సిమ్ పోయిందనో పాడైందనో అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకుంటే, సిమ్ మోసాలను అరికట్టడం కోసం మన దేశంలో ఆ నంబరుకు 24 గంటల పాటు ఎస్‌ఎంఎస్‌లు ఆపివేస్తారు. కాల్స్ మాత్రం వస్తుంటాయి కాబట్టి సిమ్ బాగానే ఉందనుకుంటాం. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మెసేజెస్ యాప్ వాడుతుంటే, అందులో Spam & blocked అనే చోట ఒకసారి చూడండి, కోడ్ అక్కడ పడి ఉండవచ్చు. ఐఫోన్‌లో తెలియని వారి సందేశాలను వేరుచేసే అమరిక పెట్టుకుని ఉంటే, ఆ వేరే జాబితాలో చూడాలి. ఎస్‌ఎంఎస్ రాకపోతే, అదే పేజీలో కోడ్‌ను ఫోన్ కాల్ ద్వారా వినిపించే ఎంపిక ఉంటుంది, దాన్ని వాడవచ్చు. కాకపోతే తెలియని నంబర్ల కాల్స్‌ను అడ్డుకునే యాప్ మీ ఫోన్‌లో ఉంటే ఆ కాసేపు దాన్ని ఆపి ఉంచండి, లేకపోతే ఆ కాల్ మోగకుండానే పోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కోడ్ రాలేదని ఆత్రంతో వెంటవెంటనే మళ్ళీ పంపమని నొక్కకండి. బెంగళూరు నంబరు ఇచ్చినప్పుడు మేము చేసిన తప్పు అదే. రెండు నిమిషాలకోసారి మూడుసార్లు నొక్కాం. కాసేపటికి మూడు సందేశాలూ ఒకేసారి వచ్చి పడ్డాయి. ఆయన ఫోన్ పైకెత్తి, తెర మీద ముందు కనిపించిన కోడ్ చదివారు, నేను కొట్టాను, తప్పు అని వచ్చింది. రెండవది చదివారు, అదీ తప్పే. అప్పటికి ప్రయత్నాలు ఎక్కువయ్యాయి, తరువాత రమ్మని పేజీ ఆపేసింది. కొత్త కోడ్ అడిగినప్పుడు చివరగా పంపిన కోడ్‌నే నమ్ముకోవాలి, పాతవి చెల్లుతాయనుకోకూడదు. ఆ రాత్రికి వదిలేసి, మరుసటి రోజు సాయంత్రం ఒక్కసారి మాత్రమే కోడ్ అడిగి, అయిదు నిమిషాలు ఓపికగా కూర్చున్నాం. వచ్చింది, కొట్టాం, Enabled అయ్యింది. మొత్తం మీద మూడు వారాలు ఆగిన పని, సరైన ఛానల్, సరైన సిమ్ కుదిరిన తరువాత అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇప్పుడు ఏవి మూసి ఉంటాయన్న విషయం. ఫోన్ వెరిఫికేషన్ లేకపోయినా వీడియోలు పెట్టడం, ప్లేలిస్టులు చేయడం వంటివి మామూలుగానే జరుగుతాయి. మూసి ఉండేవి ప్రధానంగా మూడు, మీరు రాసినవి సరిగ్గా ఆ మూడే. మొదటిది 15 నిమిషాల కంటే పొడవైన వీడియో. మీ 22 నిమిషాల పాఠం ఎక్కినట్టే ఎక్కి, ఆ తరువాత నిడివి ఎక్కువైందని ఆగిపోతుంది. వెరిఫికేషన్ అయిన తరువాత 12 గంటల నిడివి వరకు, లేదా 256 జీబీ వరకు, ఏది తక్కువైతే అంతవరకు పెట్టవచ్చు. అయితే ముందు ఆగిపోయిన వీడియో ఆ తరువాత దానంతట అదే ప్రాణం పోసుకుంటుందని ఎదురు చూడకండి, దాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించాలి. రెండవది సొంత థంబ్‌నెయిల్. వెరిఫికేషన్ లేనంతవరకు వీడియోలో నుంచి యూట్యూబ్ స్వయంగా తీసిన చిత్రాలలో ఒకదాన్ని ఎంచుకోవడమే దారి. Enabled అయిన తరువాత కూడా బటన్ మసకగానే కనిపిస్తే స్టూడియో నుంచి సైన్ అవుట్ అయి మళ్ళీ లోపలికి రండి, చాలాసార్లు అంతకు ముందు తెరిచి ఉంచిన పేజీ పాత స్థితినే చూపిస్తుంటుంది. మూడవది లైవ్.

లైవ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఆదివారానికి మాట ఇచ్చారు. ఫోన్ వెరిఫికేషన్ అయిన వెంటనే లైవ్ తెరుచుకోదు. స్టూడియోలో Create నొక్కి Go live ఎంచుకున్నప్పుడు, మొదటిసారి లైవ్ పెట్టేవారికి 24 గంటల వరకు పట్టవచ్చు. మొత్తం వ్యవహారంలో నిజంగా ఆగవలసిన సమయం ఇదొక్కటే, ఇక్కడ మాత్రం మీరు ఏం చేసినా త్వరగా కాదు. ఆ 24 గంటల లెక్క Go live నొక్కినప్పటి నుంచే కాబట్టి, కోడ్ పూర్తయిన వెంటనే ఆ బటన్ కూడా నొక్కి ఉంచండి. ఆదివారం ఉదయం మొదటిసారి నొక్కితే ఆ రోజు లైవ్ ఉండకపోవచ్చు. ఇంకొక సంగతి ఏమిటంటే, ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే ఛానల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కొత్త ఛానల్ కాబట్టి మీకు ఇంకా అంతమంది లేకపోతే, లాప్‌టాప్ వెబ్‌క్యామ్ నుంచి పెట్టండి, దానికి ఆ సంఖ్య అవసరం లేదు. లైవ్ పెట్టే వ్యక్తికి కనీసం 16 ఏళ్ళు ఉండాలనే నియమం 2025 జూలై 22 నుంచి అమలులో ఉంది. కాబట్టి పద్యం చెప్పేది ఎనిమిదో తరగతి పిల్లవాడైతే వాడిని ఒంటరిగా కెమెరా ముందు కూర్చోబెట్టకండి, పక్కన మీరు తెర మీద కనిపిస్తూ ఉండండి. లైవ్‌కు సంబంధించిన ఆంక్ష గత 90 రోజులలో ఛానల్ మీద ఏదీ ఉండకూడదన్న షరతు కూడా ఉంది గాని, మీది కొత్త ఛానల్ కాబట్టి అది మిమ్మల్ని తాకదు.

ఈ మూడూ తెరుచుకున్న తరువాత కూడా కొన్ని మూసే ఉంటాయి, అవి చూసి వెరిఫికేషన్ ఇంకా పూర్తి కాలేదని మళ్ళీ కంగారు పడవద్దు. వీడియో వివరణలో పెట్టిన బయటి లింకు నొక్కితే తెరుచుకోకపోవడం, కామెంటును పైన పిన్ చేయలేకపోవడం, కంటెంట్ ఐడీ క్లెయిమ్ మీద అప్పీలు చేయలేకపోవడం, ఆదాయం కోసం దరఖాస్తు చేయలేకపోవడం, ఇవన్నీ మూడవ వరుసకు, అంటే Advanced features కు చెందినవి. దానికి ఫోన్ వెరిఫికేషన్ పునాది మాత్రమే. దాని పైన మూడు దారులలో ఒకటి పూర్తి కావాలి. ఛానల్‌కు తగినంత చరిత్ర సమకూరడం ఒకటి, పాస్‌పోర్టు లేదా డ్రైవింగ్ లైసెన్స్ వంటి గుర్తింపు పత్రం చూపడం రెండవది, తెర మీద చెప్పిన విధంగా ముఖాన్ని కదిలిస్తూ చిన్న వీడియో తీసి పంపడం మూడవది. గుర్తింపు పత్రం, వీడియో ఈ రెండింటికీ పరిశీలన ఉంటుంది, సాధారణంగా 24 గంటలలో తేలుతుంది. మీ అపార్ట్‌మెంట్ పిల్లల తల్లిదండ్రుల కోసం వివరణలో ఏదైనా ఫారం లింకు పెట్టే ఆలోచన ఉంటే తప్ప, దీని గురించి ఈ వారం తొందరపడవలసిన పని లేదు. నా సలహా అడిగితే, గుర్తింపు పత్రం ఇవ్వడానికి మనసు ఒప్పకపోతే ఇవ్వనక్కరలేదు, క్రమం తప్పకుండా వీడియోలు పెడుతూ పోతే చరిత్ర ద్వారానే ఆ తలుపు తెరుచుకుంటుంది.

మీ ఛానల్‌కు ప్రత్యేకంగా వర్తించే విషయం ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది ఫోన్ వెరిఫికేషన్ ఖాతాలో వేస్తారు. పిల్లలకు నేర్పే పద్యాలు కాబట్టి మీ వీడియోలను, లైవ్‌ను ‘పిల్లల కోసం చేసినది’ అని గుర్తించవలసి రావచ్చు. అలా గుర్తించిన వీడియోల కింద కామెంట్లు ఉండవు, లైవ్‌లో పక్కన చాట్ ఉండదు. ఏ వెరిఫికేషన్ చేసినా అవి తెరుచుకోవు, ఎందుకంటే అవి మూసి ఉండడానికి కారణం వేరు.

కాబట్టి ఈ రోజు రాత్రికే లాప్‌టాప్ ముందు కూర్చుని, పద్యాల ఛానల్‌లోకి మారి, రీచార్జ్ ఉన్న సిమ్ నంబరు ఇచ్చి, ఒక్కసారే కోడ్ అడిగి పూర్తి చేయండి. వెంటనే Go live నొక్కి వదిలేయండి. శనివారం సాయంత్రానికి అది తెరుచుకుంటే, కనిపించే తీరును Private అని పెట్టి అయిదు నిమిషాలు ఒక పద్యం పాడి, శబ్దం సరిగా వస్తున్నదో లేదో మరో ఫోన్‌లో మీ ఖాతాతోనే విని చూసుకోండి. తల్లిదండ్రులకు మాత్రం చాట్ కనిపించదని ముందే చెప్పి, పిల్లలు ఏ పద్యం అడగాలనుకుంటున్నారో శనివారం రాత్రికల్లా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాయమనండి.